కాంట్రాక్ట్ నోట్ ఒకసారి తెరిచి చూడండి

షేర్లు కొన్న 24 గంటల్లోపు బ్రోకర్ పంపే కాంట్రాక్ట్ నోట్‌ను చాలామంది తెరవరు. పాస్‌వర్డ్‌గా పాన్ నంబరు కొట్టాలంటే బద్ధకం, అంతే!

ఒక నోట్ చూద్దాం. 500 రూపాయల చొప్పున 100 షేర్లు డెలివరీకి కొన్నారు, విలువ 50,000. బ్రోకరేజీ 0.3 శాతం, అంటే 150 రూపాయలు. ఎస్‌టీటీ 0.1 శాతం, 50 రూపాయలు. స్టాంపు డ్యూటీ 0.015 శాతం, ఏడున్నర రూపాయలు. ఇది కొన్నవారికే, అమ్మినప్పుడు కనబడితే అడగాలి. ఎక్స్ఛేంజీ, సెబీ రుసుములు కలిపి రూపాయిన్నర. పొరపాటు దొర్లే చోటు జీఎస్టీ. అది బ్రోకరేజీ, ఈ రుసుముల మీదే 18 శాతం, సుమారు 27.28. ఎస్‌టీటీ, స్టాంపు డ్యూటీలను కూడా కలిపి లెక్కిస్తే దాదాపు 37.60 అవుతుంది. పది రూపాయలే కదా అనుకోకండి, ప్రతి నోట్‌లోనూ అదే తప్పు వస్తుంది.

ఇక ధర. మీ ఆర్డరు 499.80కి 60, 500.30కి 40 షేర్లుగా విడిపోయి ఉండొచ్చు. సగటు సరిగ్గా 500. పక్కనే ట్రేడ్ సమయం ఉంటుంది. ఆ నిమిషపు చార్టులో కనిష్ఠ, గరిష్ఠ ధరల మధ్య ఇవి ఉన్నాయో లేదో చూడండి. రోజు మొత్తం సగటుతో పోల్చడం అన్యాయం. ధర ఆ హద్దులు దాటితే ట్రేడ్ నంబరుతో ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్‌లోని ట్రేడ్ వెరిఫికేషన్‌లో సరిచూసుకోండి. కొద్దిరోజులే ఆ వివరాలు దొరుకుతాయి, ఆలస్యం చేయొద్దు. లావాదేవీలు పలచగా ఉండే షేరుకు మార్కెట్ ఆర్డరు పెట్టి ఎక్కువ ధర పడితే మాత్రం బ్రోకర్‌ను తిట్టి లాభం లేదు, లిమిట్ ఆర్డరు పెట్టి ఉండాల్సింది.