యజమాని ఫోన్‌లో వేగం, కొనేవారి ఫోన్‌లో తెల్ల తెర

చిన్న వ్యాపారాల వెబ్‌సైట్లలో తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. యజమాని ఎప్పుడు తెరిచినా సైటు చకచకా వచ్చేస్తుంది. "చాలాసేపు తిరుగుతోందండీ" అని ఎవరైనా చెబితే, "మీ నెట్ సరిగ్గా లేదేమో" అంటారాయన. ఇద్దరూ చూసింది నిజమే. ఒకసారి తెరిచిన సైటు ఫోటోలనూ ఫైళ్లనూ బ్రౌజర్ క్యాష్‌లో దాచుకుంటుంది. రోజూ చూసే యజమానికి అవి ఫోన్‌లోంచే వస్తాయి, మొదటిసారి వచ్చినవారు మొత్తం నెట్‌లోంచి దించుకోవాలి. అందుకే సైటును పరీక్షించాలంటే వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద, ఇన్‌కాగ్నిటో ట్యాబ్‌లో తెరవాలి.

అప్పుడు తెర మీద ఏది ముందు వస్తుందో గమనించండి. దుకాణం పేరు, ధరలు వెంటనే వచ్చి ఫోటోలు మాత్రం ఆలస్యమైతే తప్పు ఫోటోల బరువుది. కొన్ని సెకన్లపాటు తెర తెల్లగా ఉండి, తర్వాత ఒక్కసారిగా అన్నీ ప్రత్యక్షమైతే పేజీని మొదట్లోనే ఏదో ఆపుతోందన్నమాట. ఈ రెంటికీ మందులు వేరు. ఒకదానికి వాడింది రెండోదానికి పనిచేయదు.

ముందు ఫోటోల సంగతి. మంగళగిరి చీరలు అమ్మే ఒక చిన్న దుకాణం సైటు ఉందనుకుందాం. మొదటి పేజీలో ఆరు చీరలు, అన్నీ ఫోన్‌తో తీసి నేరుగా ఎక్కించినవే. ఒక్కో ఫోటో 4000 పిక్సెళ్ల వెడల్పు, సుమారు 4 ఎంబీ. ఆరూ కలిపి 24 ఎంబీ. సెకనుకు 8 మెగాబిట్లు వచ్చే నెట్ మీద ఇవి దిగడానికే 24 సెకన్లు పడుతుంది. చూసేవారి ఫోన్ తెర వెడల్పేమో చాలావరకు 1080 పిక్సెళ్లే. మిగతా పిక్సెళ్లు దిగుతాయి గాని కంటికి కనబడవు. సైటులో ఫోటో కొలత తగ్గించి పెట్టినా లాభం లేదు. తెర మీద బొమ్మ చిన్నదవుతుంది గాని ఫైలు బరువు తగ్గదు.

ఎక్కించకముందే ఫోటోను 1080 పిక్సెళ్ల వెడల్పుకు కుదించి, వెబ్‌పీ ఫైలుగా సేవ్ చేయాలి. squoosh.app లాంటి ఉచిత సైట్లలో ఇది చేసుకోవచ్చు. ఒక్కోటి 150 కేబీ దగ్గరకు దిగితే ఆరూ కలిపి ఒక ఎంబీ కూడా కావు, సెకనులో వచ్చేస్తాయి. సన్నటి గళ్లు, జరీ అంచు ఉన్న చీరకు కాస్త ఎక్కువ బరువు తప్పదు. మరీ నొక్కేస్తే జరీ అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. నేత దగ్గరగా చూడాలనుకునేవారికి పెద్ద ఫోటో వేరుగా ఉంచి, తాకినప్పుడే దిగేలా పెట్టుకోవచ్చు. తెర కింద ఉండే ఫోటోలకు `loading="lazy"` చేర్చితే చూసేవారు అక్కడికి దగ్గరైనప్పుడే దిగుతాయి. పైన మొదట కనిపించే ఫోటోకు మాత్రం అది పెట్టకూడదు, పెడితే అదే ఆలస్యమవుతుంది.

ఇక తెల్ల తెర. బ్రౌజర్ పేజీని పైనుంచి కిందికి చదువుతుంది. మధ్యలో మామూలు స్క్రిప్టు తగిలితే చదవడం ఆపి, దాన్ని దించుకుని, నడిపించి, అప్పుడు ముందుకు కదులుతుంది. ఫోటోలు కదిలించే స్లైడర్, మూలన ఉండే చాట్ పెట్టె లాంటివాటి స్క్రిప్టులు పేజీ తలభాగంలోనే ఉంటే, అవి పూర్తయ్యేదాకా దుకాణం పేరు కూడా తెర మీదకు రాదు. చాట్ పెట్టె వేరే సంస్థ సర్వర్ నుంచి వస్తుంది. ఆ సర్వర్ నెమ్మదిస్తే మన పేజీ కూడా ఆగిపోతుంది.

సైటు చేసినవారితో ఈ మార్పు చేయించండి:

```html
<script defer src="slider.js"></script>
<script async src="https://chat.example.com/widget.js"></script>
```

`defer` పెట్టిన స్క్రిప్టు పక్కన దిగుతూ, పేజీ అంతా చదివాకే వరుస ప్రకారం నడుస్తుంది. `async` పెట్టినది దిగిన వెంటనే నడుస్తుంది, వరుస పాటించదు. అందుకే వేరేదాని మీద ఆధారపడని చాట్ పెట్టెకు అది సరిపోతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. జేక్వెరీ ఫైలుకు `defer` పెట్టి, దాన్ని వాడుకునే కోడ్‌ను పేజీలోనే మామూలుగా వదిలేస్తే స్లైడర్ ఆగిపోతుంది. కన్సోల్‌లో `$ is not defined` అని కనిపిస్తే కారణం ఇదే. ఆ కోడ్‌ను కూడా వేరే ఫైలులోకి తీసి, జేక్వెరీ తర్వాత `defer`తో పెట్టాలి.

మార్చాక pagespeed.web.dev లో సైటు చిరునామా ఇచ్చి మొబైల్ ఫలితం చూడండి. అందులో ఎల్‌సీపీ అనే అంకె, తెర మీది అతిపెద్ద భాగం కనబడటానికి పట్టిన సమయం. అది 2.5 సెకన్లు దాటకపోతే మంచిదని గూగుల్ లెక్క. ఫోటోలూ స్క్రిప్టులూ సర్దినా అంకె దిగకపోతే, అప్పుడు సర్వర్‌ను అనుమానించాలి.

ఇంతా చేశాక సైటు మళ్లీ బరువెక్కేది కొత్త సరుకు వచ్చిన రోజే. ఫోటోలు ఎక్కించే మనిషికి 1080 వెడల్పు అన్న కొలత చెప్పి ఉంచకపోతే, మరో నాలుగు చీరలకే పాత ఆలస్యం తిరిగొస్తుంది.