కూడిక మాత్రమే తెలిసిన యంత్రం

1821లో లండన్‌లో ఛార్లెస్ బాబేజ్, అతని మిత్రుడు జాన్ హెర్షెల్ ఖగోళ గణనలు సరిచూస్తూ కూర్చున్నారు. ఇద్దరు గణకులు వేర్వేరుగా కట్టిన లెక్కలవి. పక్కపక్కన పెట్టి చూస్తే తప్పుల మీద తప్పులు బయటపడ్డాయి. ఈ పనంతా ఆవిరి యంత్రం చేసిపెడితే ఎంత బాగుండునని బాబేజ్‌కు అనిపించింది. డిఫరెన్స్ ఇంజన్ అనే ఆలోచన అలా పుట్టింది.

ఆ యంత్రానికి గుణకారం రాదు, భాగహారం రాదు. కూడిక ఒక్కటే వచ్చు. అయినా అది పట్టికలు తయారుచేయగలదు. వర్గాలనే చూడండి: 1, 4, 9, 16, 25. పక్కపక్క సంఖ్యల తేడాలు 3, 5, 7, 9. ఆ తేడాల తేడా ఎప్పుడూ 2. అంటే 2 అనే అంకెను ఒక చక్రాల వరసలో నిలిపి, దాన్ని పక్క వరసకూ, ఆ మొత్తాన్ని ఆ పక్క వరసకూ కలుపుతూ పోతే వర్గాలన్నీ గుణకారం లేకుండానే వచ్చేస్తాయి. ఘనాలకు మూడో తేడా స్థిరం, నాలుగో ఘాతానికి నాలుగో తేడా స్థిరం. ఏ బహుపదికైనా ఇంతే.

చిక్కల్లా నావికులకూ ఖగోళవేత్తలకూ కావలసినవి వర్గాలూ ఘనాలూ కాకపోవడమే. వాళ్లకు కావలసినవి సైన్, టాంజెంట్, లాగరిథమ్. వీటిలో ఏదీ బహుపది కాదు. ఎన్నిసార్లు తేడాలు తీసినా స్థిరమైన అంకె దొరకదు. కాబట్టి యంత్రం ముందు కూర్చునే మనిషి ముందుగా సైన్ స్థానంలో దానికి బాగా దగ్గరగా ఉండే ఒక బహుపదిని నిలపాలి. ఆ పద్ధతిని ఇంగ్లండ్‌లో బ్రూక్ టేలర్ 1715లోనే అచ్చువేశాడు. ఒక బిందువు దగ్గర ప్రమేయం విలువ, దాని వాలు, ఆ వాలు మారే వేగం, ఇలా వరసగా అవకలజాలన్నీ తెలిస్తే ఆ బిందువు చుట్టూ బహుపదిని కట్టవచ్చు.

బాబేజ్ పెద్ద యంత్రం అతని జీవితకాలంలో పూర్తికాలేదు. బ్రిటిష్ ప్రభుత్వం 17,000 పౌండ్లకు పైగా పోసి, చివరకు 1842లో చేతులెత్తేసింది. ఈ లోగా స్టాక్‌హోమ్‌లో గేయార్గ్ షూట్స్ అనే ముద్రాపకుడు 1834లో ఒక పత్రికలో బాబేజ్ యంత్రం గురించి చదివి, కొడుకు ఎద్వార్డ్‌తో కలిసి సొంతంగా ఒకటి చేయడానికి పూనుకున్నాడు. 1853 నాటికి అది పూర్తయింది. నాలుగో తేడా దాకా పోగలదు, 15 అంకెలు పట్టగలదు.

ఈ యంత్రం మీద 27 డిగ్రీల నుంచి 33 డిగ్రీల దాకా, ఒక్కో నిమిషానికి ఒక్కో విలువ చొప్పున, 7 దశాంశాల సైన్ పట్టిక వేయాలనుకుందాం. డిగ్రీలో 60 నిమిషాలు కాబట్టి మొదటి విలువ తర్వాత 360 మెట్లు. మధ్యలో ఉన్న 30 డిగ్రీలను కేంద్రంగా తీసుకుందాం. అక్కడ సైన్ 0.5, కొసైన్ 0.8660254. సైన్ అవకలజం కొసైన్, దాని అవకలజం మైనస్ సైన్, ఇలా నాలుగింటికోసారి తిరిగి మొదటికొస్తాయి. 30 డిగ్రీల నుంచి దూరాన్ని రేడియన్లలో h అంటే మన బహుపది ఇది:

P(h) = 0.5 + 0.8660254 h − 0.5 h²/2 − 0.8660254 h³/6 + 0.5 h⁴/24

దీన్ని ఎంత దూరం నమ్మవచ్చు? టేలర్ పుస్తకం దీనికి సమాధానం చెప్పలేదు. 1797లో లగ్రాంజ్ చెప్పాడు. వదిలేసిన అనంతమైన పదాలన్నింటి మొత్తం, అంటే శేషపదం, అచ్చం తర్వాతి ఒక్క పదం రూపంలోనే ఉంటుంది. కాకపోతే అందులోని అవకలజాన్ని కేంద్రం దగ్గర కాక, కేంద్రానికీ మనం చేరిన చోటుకూ నడుమ ఎక్కడో ఉన్న ఒక బిందువు దగ్గర తీసుకోవాలి. ఆ బిందువు ఎక్కడుందో మనకు తెలియదు, తెలియనక్కరలేదు కూడా. సైన్ ఐదో అవకలజం కొసైన్; అది ఎక్కడైనా 1ని దాటదు. కాబట్టి మన తప్పు h⁵/120కి మించదు. ఇది నాకు గణితంలో ఎంతో ఇష్టమైన తర్కం. తెలియని దాన్ని వెతుక్కుంటూ పోకుండా, దాని చుట్టూ కంచె కట్టి ఊరుకుంటుంది.

3 డిగ్రీలంటే 0.05236 రేడియన్లు. దాని ఐదో ఘాతాన్ని 120తో భాగిస్తే 0.0000000033. ఏడో దశాంశంలో ఒకటి అంటే 0.0000001, మన తప్పు అందులో ముప్పయ్యో వంతు. నిజంగానే సరిచూద్దాం: 33 డిగ్రీల దగ్గర బహుపది 0.5446390322 ఇస్తుంది, అసలు సైన్ 0.5446390350. తేడా 0.0000000028, కంచె లోపలే ఉంది. అదే 5 డిగ్రీల దాకా పోతే హద్దు 0.000000042కి, అంటే దాదాపు 13 రెట్లకు పెరుగుతుంది. ఐదో ఘాతం కదా, మొదట్లో నిద్రపోతున్నట్టుండి ఒక్కసారిగా లేస్తుంది.

ఇక యంత్రం తిప్పడమే అనుకుంటే పొరపాటు. శేషపదం చెప్పేది బహుపదికీ సైన్‌కూ ఉన్న తేడా మాత్రమే. యంత్రంలో నిలిపిన అంకెలకూ బహుపదికీ ఉన్న తేడా గురించి అది ఏమీ చెప్పదు. ఒక నిమిషం మెట్టుకు మన నాలుగో తేడా 3.58ని 10¹⁵తో భాగించినంత చిన్నది. 15 దశాంశాల చక్రాల మీద దాని చోటు చిట్టచివరి చక్రం. అక్కడ 3.58 పట్టదు, 4 అని పెట్టాలి. అదనంగా పడిన ఆ 0.42 చిన్నదే. కానీ నాలుగో తేడాలోని తప్పు మూడో తేడాలో పేరుకుని, అది రెండో దాంట్లో, అది మొదటి దాంట్లో పేరుకుంటూ 360 మెట్లు గడిచేసరికి దాదాపు 69 కోట్ల రెట్లవుతుంది. 33 డిగ్రీల దగ్గర యంత్రం 0.5446390 బదులు 0.5446393 అని అచ్చువేస్తుంది. ఎక్కడా పళ్లచక్రం జారలేదు, కూడిక తప్పలేదు, అయినా అంకె తప్పు.

దీన్ని పట్టుకునే దారి ఒకటే: చివరి విలువను విడిగా లెక్కకట్టి ఉంచుకుని, యంత్రం అక్కడికి చేరాక పోల్చి చూడటం. ఫ్రాన్స్‌లో గాస్పార్ ద ప్రోనీ 1790లలో మనుషులతో తేడాల పద్ధతిలో మహా పట్టికలు కట్టించినప్పుడు కూడా అక్కడక్కడా కొన్ని విలువలను నేరుగా గణించి మేకుల్లా పాతించాడు. మన పట్టికకు మందు, 100 మెట్లకోసారి కేంద్రం మార్చి చక్రాలను మళ్లీ అమర్చడం. 100 మెట్లకు ఆ తప్పు 39 లక్షల రెట్లే పెరుగుతుంది, ఎనిమిదో దశాంశాన్ని కూడా తాకదు. శేషపదం 3 డిగ్రీలు పొమ్మంది, చక్రాల సంఖ్య అంత దూరం పోనివ్వలేదు.

టాంజెంట్ దగ్గర కథ తిరగబడుతుంది. 90 డిగ్రీల దగ్గర టాంజెంట్ అనంతానికి పోతుంది కాబట్టి, 89 డిగ్రీలను కేంద్రంగా తీసుకుంటే దాని ఐదో అవకలజం కొండంత అవుతుంది. నాలుగో ఘాతం దాకా పోయే బహుపది 90 వైపు ఒక్క నిమిషం కదిలేసరికే దాదాపు 0.00000008 తప్పుతుంది. అంటే ఒక్క మెట్టుకే ఏడో దశాంశం చెడింది. అక్కడ ఎన్ని అంకెల యంత్రమైనా పనికిరాదు. మెట్టు చిన్నది చేయాలి, లేదా ఆ ముక్కను చేత్తోనే లెక్కకట్టాలి.

షూట్స్ యంత్రాన్ని 1857లో అమెరికాలోని ఆల్బనీలో ఉన్న డడ్లీ వేధశాల కొనుక్కుంది. దాని మాదిరిగా లండన్‌లో చేసిన రెండో యంత్రంతో 1864లో ఇంగ్లండ్ జనాభా ఆయుర్దాయ పట్టికల్లో కొంత భాగం తయారైంది. బాబేజ్ మాత్రం 1847, 1849 మధ్య మరో యంత్రాన్ని కాగితం మీద గీసి పెట్టుకున్నాడు. దానికి ఏడు తేడాలు, 31 అంకెలు. ఏడో ఘాతం దాకా పోతే మన 6 డిగ్రీల పట్టికలో శేషపదం హద్దు 1.4ను 10¹⁵తో భాగించినంతకు పడిపోతుంది. 31 అంకెలుంటే చివరి చక్రంలో మిగిలే తుంపు కోట్ల రెట్లు పెరిగినా పైకి కనపడదు. రెండు హద్దులూ ఒకేసారి దూరం జరుగుతాయి.

ఆ కాగితాల ప్రకారం లండన్ సైన్స్ మ్యూజియం వాళ్లు డోరన్ స్వేడ్ నాయకత్వంలో 1991లో గణన భాగాన్ని నిర్మించారు. దాదాపు 4,000 భాగాలు, 2.6 టన్నుల కంచు, ఇనుము, ఉక్కు. మొదటి పూర్తి పరీక్షకు ఏడో ఘాతాల పట్టికను ఎంచుకున్నారు. అది స్వయంగా బహుపది కాబట్టి శేషపదం సున్నా, తేడాలన్నీ పూర్ణ సంఖ్యలు కాబట్టి కుదించడమూ లేదు. అక్కడ ఒక్క అంకె తప్పినా దోషం ఇక గణితానిది కాదు, పళ్లచక్రాలదే.