మూడు వాక్యాల మెయిల్

"ఇన్నోవేషన్ డేకి మంచి ఐడియాలు పంపండి" అని మా టీమ్ లీడ్ మెయిల్ పెడితే ఒక్కరూ బదులివ్వలేదు. మంచి ఐడియా అంటే పెద్దదే కావాలేమోనని అందరం వెనకాడాం.

రెండో మెయిల్‌లో ఆవిడ మూడే అడిగారు: రోజూ విసిగించే పని ఏది, ఒక్క రోజులో ఏం చేసి చూపించగలరు, ఎవరి సాయం కావాలి. కింద తన ఐడియానే సగం రాసి పెట్టారు. ఆ సగమే మాకు ధైర్యమిచ్చింది.

టెస్టింగ్‌లో కొత్తగా చేరినమ్మాయి రాసింది: "రోజూ పొద్దున్నే 40 నిమిషాలు లాగ్ ఫైళ్లలో ఎర్రర్లు వెతుకుతున్నాను. ఒకే రకం ఎర్రర్లను ఒకచోట చేర్చే స్క్రిప్ట్ రాయాలి. పైథాన్ తెలిసినవాళ్లు కావాలి." మధ్యాహ్నానికల్లా తోడు దొరికింది.

రెండో ప్రశ్నే అసలు జల్లెడ. దానికి జవాబులేని ఐడియాలను లీడ్ మామూలు ప్లానింగ్‌కి మళ్లించి, ఆ సంగతి పంపినవాళ్లకి అదే రోజు చెప్పారు.