మన్ వేరు, మణుగు వేరు

హిందీ నవలలో ఒక రైతు రెండు మన్‌ల బెల్లము సంతకు తోలుకొని పోయినాడనుకొందాము. అనువాదకుడు దానిని “రెండు మణుగులు” అని తెలిగించును. మాటకు మాట కుదిరినది గాని, బరువు కుదరలేదు.

తులము రెండుచోట్లను ఒకటే. 1833లో కుంపిణీ ప్రభుత్వము దానిని 180 గ్రెయిన్లుగా, అనగా 11.66 గ్రాములుగా నిర్ణయించినది. చిక్కంతయు శేరులో ఉన్నది. ఉత్తరాదిని 80 తులములు శేరు, 40 శేర్లు మన్. చెన్నరాజధానిలో 24 తులములే శేరు. 5 శేర్లు వీశె, 8 వీశెలు మణుగు. అనగా మణుగునకు ఇక్కడను 40 శేర్లే! అందుచేతనే పొరపాటు కంటబడదు.

ఇప్పుడు లెక్క చూడుడు. రైతు బెల్లము 6,400 తులములు, సుమారు 75 కిలోలు. రెండు మణుగులైనచో 1,920 తులములు, 22 కిలోలకు కొంచెము ఎక్కువ. బండి మీది బరువు నెత్తిమీది గంపకు దిగినది!

మూలములో ఛటాకు కనబడినచో ఉత్తరాది లెక్క. వీశె, పలము కనబడినచో మనది. ధాన్యపు శేరు తూకము గాక కొలత కూడ కావచ్చును. దానిని కిలోలలోనికి మార్చబోరాదు.

“మన్” అనియే ఉంచి, మొదటిసారి “సుమారు 37 కిలోలు” అని చేర్చుట మేలు. 37.324 అని వ్రాసినచో, ఉజ్జాయింపుగా చెప్పిన రైతు నోట త్రాసు పెట్టినట్లగును.