రంగు మార్చే ముందు ఒక ఉత్తరం

మంగళగిరిలో ఒక చేనేత చీరల షాపు ఉందనుకుందాం. నిరుడు దసరాకి ఒక అమ్మాయికి ఆరు చీరలు కట్టించి ఫొటోలు తీయించారు. ఇప్పుడు వాటిలో మూడు చీరలు ఇంకో ఏడేసి రంగుల్లో మగ్గం దిగి వచ్చాయి. మళ్లీ మోడల్‌ని, ఫొటోగ్రాఫర్‌ని పిలిస్తే ఖర్చు. పాత ఫొటో ఇస్తే చాలు, ఏఐ చిలకపచ్చ చీరను క్షణాల్లో వంకాయ రంగు చేసేస్తుంది. మనం డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలే కదా, మళ్లీ అడగడం దేనికని షాపు యజమానికి అనిపించడం సహజం.

ఆ మాటలో సగమే నిజం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి ఫొటో తీయించుకున్నవారే దానికి తొలి హక్కుదారు. కానీ ఫొటో మీద హక్కు వేరు, అందులోని ముఖం మీద హక్కు వేరు. తన ముఖాన్నీ గొంతునూ అనుమతి లేకుండా ఏఐతో వాడుకోవద్దని నటుడు అనిల్ కపూర్ కోరితే, 2023లో ఢిల్లీ హైకోర్టు ఆయన పక్షాన ఉత్తర్వు ఇచ్చింది. ఆయన పేరున్న మనిషి, ఈ అమ్మాయి కాదు. అయినా ఆమె ఒప్పుకున్నది ఆరు చీరలు కట్టుకుని నిలబడటానికే. కట్టని చీరల్లో కనిపించడానికి కాదు. పైగా కొత్త రంగులు వచ్చినప్పుడల్లా పిలుపు వస్తేనే ఆమెకు పని. ఆ పిలుపునే ఏఐ మింగేస్తోంది. అందుకని ఉత్తరంలో అనుమతి ఒక్కటే అడిగితే చాలదు, డబ్బు మాట కూడా ఉండాలి. నేనైతే ఇలా రాస్తాను:

“అమ్మా, నమస్తే. నిరుడు దసరాకి మీరు మా చీరల్లో దిగిన ఫొటోల్లో మూడింటిని ఈ ఉత్తరంతో పంపుతున్నాను. వాటిలో చీర, జాకెట్టు రంగులు మాత్రమే ఏఐతో మార్చుకోవాలని ఉంది. ఒక్కో ఫొటోకి ఏడు రంగులు, మొత్తం ఇరవై ఒక్క ఫొటోలు. మీ ముఖం, ఒంటి రంగు, ఒళ్లు, నిలబడిన తీరు, నగలు మార్చం. మీ బొమ్మతో కొత్త ఫొటోలు పుట్టించం. ఇంకెవరికీ ఇవ్వం, ఏఐకి నేర్పడానికి వాడనివ్వం. మా వెబ్‌సైటులో, వాట్సాప్ కేటలాగులో ఒక్క ఏడాది ఉంచుతాం. హోర్డింగు వేయాలంటే మళ్లీ అడుగుతాం. అప్పట్లో ఒక్కో చీరకి మీకు ఇచ్చినదాంట్లో నాలుగో వంతు, ఇప్పుడు ఒక్కో రంగుకి ఇస్తాం. తక్కువనిపిస్తే చెప్పండి. ప్రతి ఫొటో మీరు చూసి సరేనన్నాకే పెడతాం. వద్దంటే మానేస్తాం. అందువల్ల ముందుముందు మిమ్మల్ని పనికి పిలవకుండా ఉండం.”

‘ఎలాగైనా వాడుకోవచ్చు’ అన్న ఒక్క ముక్కతో సంతకం తీసుకోవడం తేలిక. నా దృష్టిలో అది అనుమతి అడిగినట్టు కాదు. ఎన్ని ఫొటోలు, ఎక్కడ, ఎన్నాళ్లు, ఎంతకి అన్నది తెలిస్తేనే ఆమె ఆలోచించుకోగలదు. న్యూయార్క్ రాష్ట్రంలో 2025 జూన్ నుంచి అమల్లో ఉన్న ఫ్యాషన్ కార్మికుల చట్టం కూడా, మోడల్ డిజిటల్ ప్రతిరూపాన్ని వాడాలంటే ఈ వివరాలన్నిటితో విడిగా రాతపూర్వక అంగీకారం కావాలంటుంది. మామూలు రంగు సవరణలను ఆ చట్టం ప్రతిరూపంగా లెక్కించదు. చీర రంగు మార్చడం మామూలు సవరణగానే మొదలవుతుంది. చిక్కు ఆ తర్వాత వస్తుంది.

చిలకపచ్చ చీర కట్టుకుంటే ఆ పచ్చ నీడ గడ్డం కిందా మోచేతి మీదా పడుతుంది. చీరను ఎరుపు చేస్తే ఆ పచ్చదనం అక్కడే ఉండిపోయి ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. దాన్ని సరిచేయబోయి ఏఐ చర్మం రంగు మార్చేస్తుంది. చాలాసార్లు తెలుపు చేస్తుంది. కొన్ని సాధనాలు బొమ్మ మొత్తాన్ని కొత్తగా గీస్తాయి కనుక ముక్కు, పెదవి, వేళ్లు కూడా కొద్దిగా మారిపోతాయి. ఒంటి రంగు మార్చమని ఉత్తరంలో ఇచ్చిన మాట తప్పేది ఇక్కడే. పాత ఫొటో, కొత్త ఫొటో ఫోనులో పక్కపక్కన పెట్టుకుని వేలితో అటూ ఇటూ జరిపి చూడండి. చీర, జాకెట్టు రంగు తప్ప ఇంకేదైనా కదిలినట్టు కనిపిస్తే ఆ ఫొటో పనికిరాదు. చీర వరకే గుర్తుపెట్టి రంగు మార్చి, మిగతా భాగం మీద అసలు ఫొటోనే తిరిగి అతికించమని పనిచేసేవాళ్లకి చెప్పాలి.

కొనేవాళ్లకీ నష్టమే. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు పెట్టి నేసిన చీరలో మడత దగ్గర ఒక రంగు, ఎదురుగా ఇంకో రంగు మెరుస్తాయి. ఏఐ రెండిటినీ కలిపి ఒకే రంగు పులిమేస్తుంది. జరీ అంచుకీ ఆ రంగు అంటుకుంటుంది. అందుకని అసలు చీరను పగటి వెలుతురులో పక్కన పెట్టుకుని సరిచూడాలి.

ఉత్తరానికి జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు కాదు. జవాబు వచ్చేదాకా కొత్త రంగుల చీరలను షాపు గుమ్మం దగ్గర వెలుతురులో దండెం మీద వేసి, ఆ ఫొటోలే కేటలాగులో పెట్టండి.