అమ్మీ మాత్ర వేసుకుందా లేదా? మందుల యాప్‌ను ఇలా సెట్ చేయండి

హైదరాబాద్: గచ్చిబౌలి, మాదాపూర్ ఐటీ ఆఫీసులకు వెళ్లేవారు పొద్దున ఇల్లు దాటితే మళ్లీ రాత్రికే తిరిగొస్తారు. ఇంట్లో ఉన్న పెద్దవాళ్లు మాత్ర మర్చిపోవడం ఒక సమస్య అయితే, వేసుకున్న సంగతి మర్చిపోయి మళ్లీ వేసుకోవడం ఇంకా పెద్ద సమస్య. మెడిసేఫ్ యాప్ అలాగే పుట్టింది. షుగర్ ఉన్న తండ్రి పొరపాటున ఇన్సులిన్ రెండోసారి తీసుకోవడంతో ఓమ్రి, రోతెం షోర్ అనే అన్నదమ్ములు 2012లో దాన్ని మొదలుపెట్టారు.

గడియారం కాదు, భోజనం చూడాలి

ఉదాహరణకు థైరాయిడ్, షుగర్, క్యాల్షియం మాత్రలు వాడే 70 ఏళ్ల అమ్మీని తీసుకుందాం. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలి కాబట్టి ఫజర్ తర్వాత 6 గంటలకు అలారం పెట్టవచ్చు. క్యాల్షియం దాని పనిని అడ్డుకుంటుంది, రెంటి మధ్య కనీసం 4 గంటలు ఉండాలి. అందుకే దాన్ని మధ్యాహ్నం 1:30కి భోజనంతో పెట్టాలి.

టిఫిన్‌కు ముందు వేసుకునే గ్లిమెపిరైడ్‌తో జాగ్రత్త. 8:30కి అలారం విని మాత్ర వేసుకుని 10 గంటలకు తింటే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు రావచ్చు. టిఫిన్ రెడీ అయిందో లేదో యాప్‌కు తెలియదు కదా! అందుకే ఇంట్లో నిజంగా తినే టైమ్ చూసి పెట్టాలి.

అలర్ట్ వస్తే ఏం చేయాలి?

మెడిసేఫ్‌లో కొడుకునో కూతురినో "Medfriend"గా చేర్చవచ్చు. అమ్మీ మాత్ర వేసుకున్నట్టు నొక్కకపోతే వాళ్ల ఫోన్‌కు కబురు వస్తుంది. అలా వచ్చిందని వెంటనే "అమ్మీ, మాత్ర వేసుకో" అనేయొద్దు. వేసుకుని నొక్కడం మర్చిపోయి ఉండవచ్చు. రోజుకు, పూటకు గదులున్న మాత్రల డబ్బాను వారానికోసారి నింపి పెడితే, గది ఖాళీగా ఉందా లేదా అని ఫోన్‌లో అడిగితే తెలిసిపోతుంది. అప్పటికీ అనుమానం ఉంటే, ముఖ్యంగా షుగర్ మందు విషయంలో, డాక్టర్‌ను అడగకుండా రెండోసారి ఇవ్వకూడదు.

అలారం మోగకపోతే

బ్యాటరీ ఆదా కోసం కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు వాడని యాప్‌లను ఆపేస్తాయి. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు నోటిఫికేషన్లు ఆన్ చేసి, బ్యాటరీ దగ్గర "Unrestricted" లేదా "No restrictions" ఎంచుకోవాలి. "Autostart" ఉంటే అదీ ఆన్ చేయాలి. తర్వాత రెండు మూడు రోజులు అన్ని అలారాలూ మోగుతున్నాయో లేదో చూసుకోవాలి.

రంజాన్‌లో సహర్, ఇఫ్తార్‌ను బట్టి అలారం టైమ్‌లు మాత్రం మారిస్తే సరిపోదు. షుగర్ మందుల మోతాదు కూడా మారవచ్చు. అందుకే 6 నుంచి 8 వారాల ముందే డాక్టర్‌ను కలిసి, రోజా ఉండవచ్చో లేదో అడిగి, కొత్త చీటీ ప్రకారమే యాప్‌లో మార్చాలి.