ముఖం మారేది దూరంతో, మసక వచ్చేది లెన్సుతో

(కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

కాపెల్ నుంచి మాట్లాడుతున్నాను. మన ఇళ్ళలో ఇప్పుడు వీడియోలు తీయని వాళ్ళు అరుదు. ఇండియా నుంచి ఆరు నెలలకని వచ్చిన అమ్మానాన్నల చేత పాత సంగతులు చెప్పించి రికార్డు చేసుకుంటున్నాం. పిల్లలు వ్లాగులు తీస్తున్నారు. కొందరు ఇంట్లో పెట్టిన పచ్చళ్ళని ఫొటోలు తీసి అమ్ముతున్నారు. ఈ మూడింటిలోనూ నాకు తరచుగా వినబడే ఫిర్యాదు ఒకటే: "కెమెరా మంచిదే, కానీ మనిషి మనిషిలా రాలేదండీ."

పెద్దవాళ్ళ విషయంలో ఇది చిన్న ఫిర్యాదు కాదు. మొదటి రోజు వీడియోలో తన ముఖం చూసుకుని "ఛ, నేనిలా ఉన్నానా, వద్దు తీసెయ్" అన్న అమ్మమ్మ మళ్ళీ కెమెరా ముందు కూర్చోదు. తిరుగు ప్రయాణం టిక్కెట్టు తేదీ మాత్రం ఆగదు. అందుకే ఈ రోజు లెన్సు ఫోకల్ లెంగ్త్ గురించి, అంటే పుస్తకాల్లో నాభ్యంతరం అనే దాని గురించి, కాస్త నింపాదిగా చెప్పుకుందాం.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. "వైడ్ లెన్సు ముఖాన్ని పాడుచేస్తుంది, పొడుగు లెన్సు ముఖాన్ని అందంగా చూపిస్తుంది" అని అందరూ అంటారు. నిజానికి ముఖం ఆకారాన్ని నిర్ణయించేది లెన్సు కాదు, కెమెరాకీ మనిషికీ మధ్య ఉన్న దూరం. నమ్మకం లేకపోతే ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. ఒకే చోట నిలబడి 24 మిల్లీమీటర్ల లెన్సుతో ఒక ఫొటో, 85 మిల్లీమీటర్ల లెన్సుతో ఇంకో ఫొటో తీయండి. మొదటి ఫొటోలో ముఖం ఉన్న భాగాన్ని మాత్రం కత్తిరించి పెద్దది చేసి రెండో దాని పక్కన పెట్టండి. ముక్కు, చెంపలు, చెవులు అన్నీ ఒకే కొలతలో ఉంటాయి. మొదటిది కాస్త బరకగా ఉంటుంది, అంతే తేడా.

మరి లెన్సు చేసే పని ఏమిటి? ఎదురుగా ఉన్న దృశ్యంలో ఎంత భాగాన్ని కోసి చూపించాలో అది నిర్ణయిస్తుంది. 24 లెన్సు చాలా వెడల్పుగా చూస్తుంది కాబట్టి మనిషిని ఫ్రేము నిండా చూపించడానికి మనం దగ్గరకు వెళ్ళిపోతాం. 85 లెన్సు ఇరుకుగా చూస్తుంది కాబట్టి వెనక్కి జరుగుతాం. ముఖం మారేది మనం జరిగినందువల్ల అన్నమాట.

ఇక్కడ గుర్తుంచుకోవడానికి ఒక చక్కని లెక్క ఉంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరా సెన్సరు వెడల్పు 36 మిల్లీమీటర్లు. కూర్చున్న మనిషి తల, భుజాలు, అటూ ఇటూ కాస్త ఖాళీ కలిపితే ఫ్రేము వెడల్పు సుమారు మూడు అడుగులు, అంటే 36 అంగుళాలు. రెండూ 36 కావడం వల్ల లెన్సు మీద ఎన్ని మిల్లీమీటర్లని రాసి ఉందో, కెమెరా దాదాపు అన్ని అంగుళాల దూరంలో ఉండాలి. 24 లెన్సుకి రెండు అడుగులు. 50కి నాలుగు అడుగుల పైచిలుకు. 85కి ఏడు అడుగులు. మీ కెమెరాలో చిన్న సెన్సరు, అంటే ఏపీఎస్-సీ ఉంటే, లెన్సు మీది అంకెని ఒకటిన్నరతో హెచ్చవేసి ఈ లెక్కలో పెట్టండి. ఫోన్ల వాళ్ళు చెప్పే 24, 26 అన్న అంకెలు ఇప్పటికే ఫుల్ ఫ్రేముకి సరిపోల్చి చెప్పినవే.

ఇప్పుడు ముఖం సంగతి చూద్దాం. ముక్కు కొస నుంచి చెవి వరకు లోతు సుమారు ఐదు అంగుళాలు అనుకుందాం. కెమెరా 24 అంగుళాల దూరంలో ఉంటే ముక్కు 24 దగ్గర, చెవి 29 దగ్గర ఉంటాయి. దగ్గరున్నది పెద్దగా కనబడుతుంది కాబట్టి, చెవితో పోలిస్తే ముక్కు 21 శాతం పెద్దదిగా వస్తుంది. 50 అంగుళాల దూరంలో అది 10 శాతం. 85 అంగుళాలకి 6 శాతం. మనం మనుషులతో మాట్లాడేటప్పుడు మామూలుగా నాలుగైదు అడుగుల దూరంలో ఉంటాం, ఆ దూరంలో కనిపించే ముఖమే మనకి గుర్తుండే ముఖం. రెండు అడుగుల నుంచి తీసినది అందుకే పరాయి ముఖంలా అనిపిస్తుంది.

ఇది కేవలం మన ఊహ కాదు. 2018లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో, ముక్కు శస్త్రచికిత్సలు చేసే వైద్యులు సెల్ఫీల మీద ఒక లెక్క ప్రచురించారు. పన్నెండు అంగుళాల దూరం నుంచి తీసిన ఫొటోలో, ఐదు అడుగుల నుంచి తీసిన దానితో పోలిస్తే, ముఖం వెడల్పుకి ముక్కు వెడల్పు నిష్పత్తి సుమారు 30 శాతం ఎక్కువగా కనబడుతుందని తేల్చారు. సెల్ఫీ చూసుకుని ముక్కు చిన్నది చేయమని వచ్చేవాళ్ళకి చెప్పడానికే ఆ లెక్క.

కెమెరా మరీ దగ్గరగా ఉందని వీడియో చూసి పోల్చుకోవడం ఎలా? చెవులు చూడండి. మనిషి నేరుగా చూస్తున్నప్పుడు చెవులు చెంపల వెనక్కి దాక్కుని, నుదురు, ముక్కు ముందుకు పొంగుకొస్తున్నాయంటే దూరం తక్కువైందని అర్థం. లెన్సు మార్చక్కరలేదు, స్టాండు వెనక్కి జరిపి జూమ్ చేయాలి.

ఇక రెండో సంగతి, వెనక దృశ్యం మసకబారడం. పొడుగు లెన్సు ఎక్కువ మసక ఇస్తుందన్నది సగం నిజమే. ఈ మధ్య కాపెల్‌లోనే ఒక మిత్రుడి ఇంట్లో వాళ్ళ నాన్నగారి ఇంటర్వ్యూకి కొలతలు వేసుకున్నాం, అదే ఉదాహరణగా చెబుతాను. ఆయన కుర్చీకి ఎనిమిది అడుగుల వెనక పుస్తకాల బీరువా. మూడు లెన్సుల్నీ f/2.8 దగ్గర పెట్టి, ప్రతిసారీ ఆయన ఫ్రేములో ఒకే పరిమాణంలో వచ్చేలా జరిగాం. 24 లెన్సుతో ఆయన వెనక పదిహేను అడుగుల గోడ కనబడింది. బీరువా, కిటికీ, టీవీ, మెట్ల రెయిలింగు అన్నీ వచ్చేశాయి. 50తో సుమారు తొమ్మిది అడుగులు. 85తో ఆరు అడుగుల పైచిలుకు, అంటే బీరువా ఒక్కటే.

మసక సంగతి లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. బీరువా మీద ఒక చుక్క పెడితే, మూడు లెన్సులతోనూ అది బీరువా కొలతలో సుమారు 34 మిల్లీమీటర్ల బిళ్ళగా పరుచుకుంటుంది. అంటే ఒక పుస్తకం పేరు 24తో చదవలేకపోతే 85తోనూ చదవలేం. కాకపోతే 85 లెన్సు ఆ బీరువానీ, దానితో పాటు ఆ బిళ్ళనీ తెర మీద రెండింతలకు పైగా పెద్దది చేసి చూపిస్తుంది. అంచులు మెత్తబడి, వెనక నాలుగైదు పెద్ద రంగులు మాత్రం మిగులుతాయి. "పొడుగు లెన్సు మసక" అని మనం అనేది ఈ పెద్దది చేయడాన్నే.

అసలు మసకని పెంచేది లెన్సులోని రంధ్రం వెడల్పు. ఫోకల్ లెంగ్త్‌ని f పక్కన ఉన్న అంకెతో భాగిస్తే అది వస్తుంది. 85ని 2.8తో భాగిస్తే 30 మిల్లీమీటర్లు. ఫోను ప్రధాన కెమెరాలో ఈ రంధ్రం నాలుగు మిల్లీమీటర్లకి అటూ ఇటూ మాత్రమే. రెండు అడుగుల దూరం నుంచి అదే ఫ్రేము తీస్తే, అదే బీరువా మీద దాని మసక బిళ్ళ 16 మిల్లీమీటర్లు. పెద్ద అక్షరాల పుస్తకాల పేర్లు ఇంకా పోల్చుకోగలం. ఫోన్లు చూపించే గాఢమైన మసక లెక్కలు కట్టి అద్దినది. మల్లెపూల దండ, కళ్ళజోడు కమ్మీ, చెదిరిన వెంట్రుకల దగ్గర అది తడబడుతుంది, అక్కడ చూస్తే తెలిసిపోతుంది.

రంధ్రాన్ని మరీ తెరిచినా చిక్కే. 85 లెన్సుని f/1.8 దగ్గర ఏడు అడుగుల నుంచి వాడితే స్పష్టంగా ఉండే లోతు మూడు అంగుళాల లోపే. పెద్దాయన కథలో లీనమై కాస్త ముందుకు వంగితే కళ్ళు మసకబారతాయి. f/4 పెడితే ఆరు అంగుళాలు దొరుకుతాయి. పోయిన మసకని తిరిగి తెచ్చుకోవడానికి కుర్చీని గోడకి దూరంగా జరపడమే మంచి ఉపాయం. దీనికి ఖర్చు లేదు.

గది చిన్నదైతే? 85 లెన్సుకి ముందు ఏడు అడుగులు, వెనక ఎనిమిది, స్టాండుకీ తీసే మనిషికీ రెండు, మొత్తం పదిహేడు అడుగులు కావాలి. పన్నెండుకి పద్నాలుగు అడుగుల గదిలో నిడివి చాలదు, కానీ మూల నుంచి మూలకి కొలిస్తే పద్దెనిమిది అడుగులు ఉంటుంది. మిత్రుడి ఇంట్లో మేము చేసింది అదే. అదీ కుదరకపోతే 50 వాడండి. 200 లెన్సు జోలికి వెళ్ళకండి. పదహారు అడుగుల దూరం నుంచి ప్రశ్న అడగాలంటే అరవాలి, ముఖం కూడా బల్లపరుపుగా, వెడల్పుగా వస్తుంది.

వ్లాగుల్లో చేయి చాపితే రెండు అడుగులే, అందుకే పిల్లల ముఖాలు ముందుకు పొంగుతాయి. ఇక్కడ ఇంకో చిక్కు కలుస్తుంది. వైడ్ లెన్సు ఫ్రేము అంచుల్లో ఉన్నవాటిని పక్కలకి సాగదీస్తుంది. ఇది దూరం వల్ల వచ్చేది కాదు, లెన్సు వల్లనే వచ్చేది. గ్రూపు ఫొటోలో చివర నిలబడ్డ అత్తయ్యగారు లావుగా కనిపించడానికి కారణం ఇదే. మూడు అడుగుల కర్ర వాడి, మాట్లాడే మనిషిని ఫ్రేము మధ్యకి దగ్గరగా ఉంచితే రెండు చిక్కులూ తగ్గుతాయి.

పచ్చడి సీసాకీ ఇదే సూత్రం. ఫోనుని ఎనిమిది అంగుళాల దగ్గర పెట్టి పై నుంచి వాల్చి తీస్తే, మూత ఎనిమిది దగ్గర, అడుగు పన్నెండు దగ్గర ఉంటాయి. అడుగు భాగం మూడింట రెండు వంతులకి కుంచించుకుని సీసా గరాటులా వస్తుంది. 32 అంగుళాల దూరం నుంచి 3x లెన్సుతో తీస్తే ఆ తేడా 11 శాతానికి దిగుతుంది. ఒక హెచ్చరిక: చాలా ఫోన్లు మరీ దగ్గరకి వెళితే చెప్పకుండా వేరే లెన్సుకి మారిపోతాయి. ఏ లెన్సు పని చేస్తోందో తెలియాలంటే వాటిని ఒక్కొక్కటిగా వేలితో మూసి చూడండి, ఏది మూస్తే తెర నల్లబడుతుందో అదే. పెద్ద కెమెరాతో అయితే ఇక్కడ మసక కోసం చూడకండి. f/8 లేదా f/11 పెట్టకపోతే లేబుల్ మధ్యభాగం స్పష్టంగా వచ్చి, వంపు తిరిగిన అంచుల్లోని అక్షరాలు కరిగిపోతాయి.

కాబట్టి వరస ఇది. ముందు మనిషికో వస్తువుకో ఎంత దూరంలో ఉండాలో నిర్ణయించుకోండి. ఆ దూరానికి ఫ్రేము నిండేలా లెన్సు ఎంచుకోండి. మసక సంగతి ఆఖరున, గోడకి ఎడం పెంచి, రంధ్రం సరిచేసి చూసుకోండి. ఈ వారాంతంలో ఒక టేపు తీసుకుని మీ ఇంట్లో ఆ పదిహేడు అడుగులు ఎక్కడ దొరుకుతాయో కొలిచి పెట్టుకోండి. సెలవు.